మిగులు 35 వేలా, లోటు 29 వేలా: టెక్ ఫెస్ట్ రిపోర్టులో లెక్కలు ఎక్కడ తప్పుతాయి

టెక్ ఫెస్ట్ అయిపోయాక రెండు మూడు వారాలకి ఒక రిపోర్టు తయారవుతుంది, అందులో ఫొటోలుంటాయి, గెస్టులు ఏం మాట్లాడారో ఉంటుంది, ఎన్ని ఈవెంట్లు జరిగాయో ఉంటుంది, హాజరు అని ఒక పెద్ద అంకె ఉంటుంది, చివర్లో బడ్జెట్ ఇంత, ఖర్చు ఇంత, తేడా ఇంత అని ఒక టేబుల్ ఉంటుంది. నెక్స్ట్ ఇయర్ టీమ్ ఆ ఫైల్ ఓపెన్ చేస్తే వాళ్ళకి నిజంగా కావాల్సింది మాత్రం దొరకదు. ఎంతమందికి భోజనం చెప్పాలి, స్టేజ్ కొటేషన్ ఎప్పుడు తీసుకోవాలి, రెండో రోజు హాళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయి, వీటికి జవాబు ఆ టేబుల్లో ఉండదు. కారణం ఏంటంటే హాజరుని ఒక చాప్టర్‌లా, బడ్జెట్‌ని ఇంకో చాప్టర్‌లా విడివిడిగా రాసేస్తారు, అవి రెండూ ఒకే లెక్కకి రెండు కొసలు అని ఎవరూ కలిపి చూడరు.

ఒక ఊహా ఫెస్ట్ తీసుకుని మొత్తం లెక్క చేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం పెట్టుకున్నవే, కానీ ఇందులో వచ్చే తప్పులు మాత్రం ఫెస్ట్ నడిపిన ఎవరికైనా తెలిసినవే.

రెండు రోజుల ఫెస్ట్. ప్లాన్ 1200 మందికి. మనిషికి 250 ఫీజు, అంటే 3 లక్షలు వస్తాయి, స్పాన్సర్ల నుంచి రెండున్నర లక్షలు, కాలేజీ గ్రాంటు లక్షన్నర, మొత్తం 7 లక్షలు. ఖర్చు కూడా 7 లక్షలే, అందులో 66 వేలు కంటింజెన్సీ అని పక్కన పెట్టారు. ఫెస్ట్ అయ్యాక చూస్తే చెల్లించిన బిల్లులు 6 లక్షల 10 వేలు. ఫీజుల్లో 2 లక్షల 45 వేలు వచ్చింది, స్పాన్సర్ల లైన్‌లో అనుకున్న రెండున్నర లక్షలూ వేసేశారు, గ్రాంటు లక్షన్నర. ఆదాయం 6 లక్షల 45 వేలు, ఖర్చు 6 లక్షల 10 వేలు, మిగులు 35 వేలు. రిపోర్టులో ఇదే పడింది. కానీ ఫెస్ట్ ఖాతాలో చూస్తే 45 వేలు పాత బ్యాలెన్స్‌లోంచి పోయి ఉంది. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి అన్నదే ఈ రిపోర్టు చెప్పాల్సిన మొదటి విషయం.

దానికంటే ముందు హాజరు తేలాలి, ఎందుకంటే మిగతా లెక్కంతా దాని మీదే నిలబడుతుంది.

ఈ ఫెస్ట్‌కి ఎంతమంది వచ్చారు అని అడిగితే ఐదు అంకెలు చెప్పొచ్చు, అన్నీ ఎక్కడో ఒక షీట్‌లో ఉన్నవే. ఫారం నింపిన వాళ్ళు 1460. డబ్బు కట్టిన వాళ్ళు 980. గేట్ దగ్గర క్యూఆర్ స్కాన్ లాగ్‌లో ఉన్న వరసలు 2140. ఒక్కో ఈవెంట్ షీట్‌లో సంతకాలు అన్నీ కలిపితే 1870. నిజంగా లోపలికి వచ్చిన వేర్వేరు మనుషులు 800. రిపోర్టు రాసేవాళ్ళు సహజంగా పెద్ద అంకె వైపు మొగ్గుతారు, స్పాన్సర్లకి చూపించడానికి కూడా అదే బాగుంటుంది కాబట్టి "సుమారు 1900 మంది పాల్గొన్నారు" అని పడిపోతుంది. 1870 అబద్ధం కాదు, అవి ఎంట్రీలు, ఒకే కుర్రాడు కోడింగ్‌కీ క్విజ్‌కీ పేపర్ ప్రెజెంటేషన్‌కీ వెళ్తే మూడుసార్లు పడతాడు. స్కాన్ లాగ్ అయితే టీ తాగడానికి బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చినా ఇంకో వరస పడుతుంది. ఎంట్రీలని మనుషులు అని రాసినప్పుడే తప్పు మొదలవుతుంది, ఎందుకంటే ఎంట్రీ భోజనం చెయ్యదు, మనిషి చేస్తాడు.

స్కాన్ లాగ్ నుంచి అసలు సంఖ్య తీయడం పెద్ద పని కాదు. షీట్‌లో B కాలమ్‌లో రిజిస్ట్రేషన్ నంబరు, C కాలమ్‌లో D1 లేదా D2 అని రోజు ఉంటే గూగుల్ షీట్స్‌లో ఇంతే:

```
=COUNTUNIQUE(B2:B2141)
=COUNTUNIQUE(FILTER(B2:B2141, C2:C2141="D1"))
```

మొదటిది మొత్తం వేర్వేరు మనుషులు, రెండోది మొదటి రోజు వచ్చిన వాళ్ళు, D1 బదులు D2 పెడితే రెండో రోజు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి, గేట్ దగ్గర నెట్ పోయినప్పుడు వలంటీర్లు చేత్తో టైప్ చేసిన నంబర్ల చివర ఖాళీ స్పేస్ ఉండిపోతుంది, అప్పుడు ఒకే మనిషి ఇద్దరిగా లెక్కకొస్తాడు. నంబర్లన్నిటికీ ముందు `TRIM` కొట్టి ఆ తర్వాత లెక్కపెట్టాలి. అలా చేశాక కూడా వచ్చిన వాళ్ళ సంఖ్య డబ్బు కట్టిన వాళ్ళకంటే ఎక్కువ ఉంటే గేట్ దగ్గర అక్కడికక్కడే కట్టిన క్యాష్ ఎక్కడో రాయకుండా మిగిలిపోయి ఉండొచ్చు, అది వదిలెయ్యకుండా వెతకాలి.

మన ఫెస్ట్‌లో మొదటి రోజు 720 మంది, రెండో రోజు 510 మంది. రెండు రోజులూ వచ్చిన వాళ్ళు 430. కాబట్టి మొదటి రోజు మాత్రమే వచ్చి వెళ్ళిపోయిన వాళ్ళు 290, రెండో రోజు మాత్రమే వచ్చిన వాళ్ళు 80, మొత్తం 800. 720కి 510 కలిపితే 1230, ఇది మనుషుల సంఖ్య కాదు, మనిషి-రోజులు. హాజరు సెక్షన్‌లో ఈ 1230 అన్న అంకె దాదాపు ఏ రిపోర్టులోనూ కనపడదు, కానీ భోజనం, మంచినీళ్ళు, సీట్లు అన్నీ దీన్ని బట్టే నడుస్తాయి.

ఇప్పుడు ఆ 290 మంది దగ్గర కాసేపు ఆగాలి. రెండో రోజు జనం తగ్గారు అనగానే మీటింగ్‌లో వచ్చే మాట "పబ్లిసిటీ సరిపోలేదు". వాళ్ళు ఆల్రెడీ డబ్బు కట్టి మొదటి రోజు వచ్చి వెళ్ళిన వాళ్ళు కదా, పబ్లిసిటీతో వాళ్ళకి సంబంధం లేదు. ఆ 290 రిజిస్ట్రేషన్ నంబర్లని ఈవెంట్ రిజల్ట్స్ షీట్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మన ఉదాహరణలో అందులో 205 మంది మొదటి రోజు ప్రిలిమ్స్‌లో ఎలిమినేట్ అయ్యారు, రెండో రోజు వాళ్ళ పేరు మీద ఇంకే ఈవెంటూ లేదు. వర్క్‌షాపులన్నీ మొదటి రోజే పెట్టేశారు, రెండో రోజంతా ఫైనల్సే. అంటే ఓడిపోయిన వాడికి రెండో రోజు రావడానికి కారణమే లేకుండా షెడ్యూల్ వేశారు. ఇది పోస్టర్లు ఇంకో వెయ్యి కొట్టించినా మారదు, టైమ్‌టేబుల్ మారిస్తేనే మారుతుంది. కారణాన్ని నంబర్ల దాకా వెతక్కపోతే నెక్స్ట్ ఇయర్ ఖర్చు పెంచుతారు, రెండో రోజు హాలు మాత్రం అలాగే ఖాళీగా ఉంటుంది.

డబ్బు కట్టి అసలు రాని 180 మంది సంగతి వేరు. వాళ్ళలో ఎక్కువమంది టీమ్ ఈవెంట్ల వాళ్ళయితే లీడర్ నలుగురికీ కట్టేశాడు, ముగ్గురే వచ్చారు అనుకోవచ్చు, ఒక్కరే ఆడే ఈవెంట్ల వాళ్ళయితే డేట్ క్లాష్ అయిందేమో చూడాలి. డబ్బు పరంగా వీళ్ళ వల్ల నష్టం లేదు, 45 వేల ఫీజు వచ్చింది, ప్లేటు పెట్టాల్సిన పని లేదు. కానీ హాజరు లెక్కలో వీళ్ళని కలపకూడదు.

ఇక బడ్జెట్ తేడా. భోజనం లైన్ ఒక్కటే పూర్తిగా విప్పి చూస్తే మిగతావి ఎలా చదవాలో తెలిసిపోతుంది.

బడ్జెట్‌లో 1200 మంది, రెండు రోజులు, 2400 ప్లేట్లు, ప్లేటు 65 చొప్పున లక్షా 56 వేలు. అయిన బిల్లు లక్షా 27 వేల 500. టేబుల్లో ఈ లైన్ పక్కన "28,500 ఆదా" అని పడింది, ఫుడ్ కమిటీకి మీటింగ్‌లో అభినందనలు కూడా వచ్చాయి. కానీ 1200 మంది రాలేదు కదా. వచ్చిన జనానికి ఎంత ఖర్చవ్వాలో దానితో పోల్చాలి గానీ రాని జనానికి వేసిన బడ్జెట్‌తో పోలిస్తే ఎవరు చేసినా ఆదాయే కనిపిస్తుంది. వచ్చింది 1230 మనిషి-రోజులు, 65 చొప్పున 79,950 అవ్వాలి. అయింది లక్షా 27 వేల 500. అంటే ఆదా కాదు, 47,550 ఎక్కువ ఖర్చు. జనం రాకపోవడం వల్ల తగ్గాల్సింది 76,050, అందులోంచి ఈ 47,550 తినేసింది, మిగిలిన 28,500 మాత్రం టేబుల్లో ఆదాలా కనిపించింది. దీన్ని అకౌంట్స్ వాళ్ళు ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అంటారు, పేరు తెలీకపోయినా పర్లేదు, అసలు వచ్చిన సంఖ్యతో బడ్జెట్‌ని మళ్ళీ వేసి అప్పుడు పోల్చడమే పని.

ఆ 47,550 ఎక్కడికి పోయింది? బిల్లు చూస్తే ప్లేట్లు 1700, రేటు 75. రేటు పది పెరిగింది కాబట్టి 1700 ప్లేట్ల మీద 17 వేలు అక్కడ పోయింది. ఇది బేరం సమస్య, కొటేషన్ బడ్జెట్ వేసేటప్పుడు నోటిమాటగా తీసుకుని రాతలో తీసుకునేసరికి రేటు మారడం వల్ల వచ్చేది. మిగిలిన 30,550 ఎక్కువ ప్లేట్ల వల్ల, 1230కి బదులు 1700, అంటే 470 ప్లేట్లు. ఇవి ఎవరు తిన్నారు అన్నదానికి కూపన్ల లెక్క ఉండాలి. మొదటి రోజు వెనక్కి వచ్చిన కూపన్లు 830, రెండో రోజు 620. మొదటి రోజు వచ్చిన వాళ్ళు 720, రెండో రోజు 510, రెండు రోజులూ తేడా సరిగ్గా 110, వాళ్ళు వలంటీర్లు. వలంటీర్లకి భోజనం పెట్టడం తప్పు కాదు, పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే వాళ్ళకి పెట్టకపోతేనే తప్పు, కానీ బడ్జెట్‌లో వాళ్ళు లేరు. రెండు రోజులకి 220 ప్లేట్లు, పాత రేటులో 14,300. ఇది ఖర్చు ఎక్కువవడం కాదు, బడ్జెట్ వేసేటప్పుడే ఒక లైన్ మర్చిపోవడం.

ఇంకా 250 ప్లేట్లు మిగిలాయి, 16,250, వాటికి డబ్బిచ్చారు గానీ ఎవరూ తినలేదు. కేటరర్‌కి ముందుగా మినిమం గ్యారంటీ నంబరు ఇస్తారు, అంతకంటే తక్కువ మంది తిన్నా ఆ నంబరుకే బిల్లు వస్తుంది. ఇక్కడ రెండు రోజులకీ ఒకే నంబరు ఇచ్చారు, 850. మొదటి రోజు 830 అయ్యాయి, 20 ప్లేట్లే పోయాయి, చాలా దగ్గరి అంచనా. రెండో రోజు 620 అయ్యాయి, 230 ప్లేట్లు వృథా. అంటే ఫుడ్ కమిటీ అంచనా వెయ్యడంలో పొరపాటు లేదు, రెండో రోజుకి వేరే అంచనా వెయ్యాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆ రెండో రోజు ఎందుకు పడిపోయిందో పైన చూశాం, షెడ్యూల్. టైమ్‌టేబుల్ వేసినవాళ్ళు ఒక టీమ్, భోజనం చెప్పినవాళ్ళు ఇంకో టీమ్, డబ్బు పోయింది ఈ ఇద్దరి మధ్యలో. హాజరు, బడ్జెట్ వేర్వేరు చాప్టర్లయితే ఇది ఎప్పటికీ కనపడదు.

అన్ని లైన్లూ ఒకే సంఖ్యతో మారవు అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. ఫీజు ఆదాయం డబ్బు కట్టిన 980తో మారుతుంది. భోజనం మనిషి-రోజులతో. కిట్‌లు ఎప్పుడు ఆర్డర్ ఇచ్చారో ఆ రోజు అంచనాతో, తర్వాత ఎంతమంది వచ్చినా ఆ బిల్లు మారదు. ఇక్కడ 1100 కిట్లు 90 చొప్పున తెప్పించారు, పంచినవి వలంటీర్లతో కలిపి 910, మిగిలిన 190 మీద ఈ సంవత్సరం ప్రింట్ అయి ఉంది కాబట్టి 17,100 పోయినట్టే. స్టేజ్, సౌండ్, లైట్లు అసలు జనంతో మారవు, 200 మంది వచ్చినా 2000 మంది వచ్చినా అదే స్టేజ్. అందుకే అక్కడ తేడా వస్తే జనం మీదకి నెట్టడానికి వీల్లేదు.

స్టేజ్ లైన్‌లో లక్షా 60 వేలకి లక్షా 96 వేలు అయింది. "రేట్లు పెరిగాయి" అని ఒక్క ముక్కలో రాసేశారు. ఫస్ట్ కొటేషన్, ఫైనల్ బిల్లు రెండూ పక్కన పెట్టుకుని ఐటమ్ ఐటమ్ చూస్తే ఒక్క రేటూ పెరగలేదు. ముగింపు ప్రోగ్రాం లేటయి జనరేటర్, ఆపరేటర్ల ఎక్స్‌ట్రా గంటలు 12 వేలు. మూడో హాలుకి ప్రొజెక్టర్, మైక్ సెట్ చివరి నిమిషంలో అడిగినందుకు 24 వేలు. మూడో హాలు ఎందుకు కావాల్సొచ్చింది అంటే కొటేషన్ తీసుకున్నాక రెండు ఈవెంట్లు లిస్టులో చేరాయి. కాబట్టి కారణం మార్కెట్ కాదు, ఈవెంట్ లిస్టు ఫ్రీజ్ అవ్వకముందే కొటేషన్ తీసుకోవడం. పబ్లిసిటీ, గెస్టుల ప్రయాణాల లైన్లు అటూ ఇటూగా బడ్జెట్ దగ్గరే ఉన్నాయి, వాటి మీద పేజీలు రాయక్కర్లేదు.

ప్రైజ్ మనీ లైన్ ఇంకో రకం. లక్షా 20 వేలకి 96 వేలు ఇచ్చారు, 24 వేలు ఆదా అని చూపించారు. రెండు ఈవెంట్ల విన్నర్ల బ్యాంకు వివరాలు రాక డబ్బు ఇంకా పంపలేదు, అంతే. అది ఆదా కాదు, బాకీ. రిపోర్టు తేదీ నాటికి ఇవ్వాల్సినవి, రావాల్సినవి విడిగా రాయకపోతే ఇలాంటివి మిగులులో కలిసిపోతాయి, తర్వాత నాలుగు నెలలకి ఆ స్టూడెంట్లు ఫోన్ చేస్తే ఖాతాలో డబ్బుండదు, అడగడానికి పాత టీమ్ ఉండదు.

స్పాన్సర్షిప్‌లో కూడా ఇదే. రెండున్నర లక్షల్లో చేతికొచ్చింది లక్షా 70 వేలు. 40 వేలు ఇంకా రావాలి. మిగతా 40 వేలు డబ్బు కాదు, గిఫ్ట్ వోచర్లు. వస్తువుగా వచ్చినదాన్ని ఆదాయంలో వెయ్యొచ్చా అంటే, బడ్జెట్‌లో ఉన్న ఖర్చు ఏదైనా దానివల్ల తగ్గితే అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి, ఉదాహరణకి వోచర్లు ఇచ్చి ప్రైజ్ మనీ తగ్గించి ఉంటే. ఇక్కడ ప్రైజులకి అదనంగా పంచేశారు, కాబట్టి ఒక్క ఖర్చూ తగ్గలేదు. బాగుంది, థాంక్స్ చెప్పాలి, కానీ ఆదాయం కాలమ్‌లో దానికి చోటు లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. చేతికొచ్చిన డబ్బు 5 లక్షల 65 వేలు, చెల్లించింది 6 లక్షల 10 వేలు, కాబట్టి ఖాతా 45 వేలు తగ్గింది. రావాల్సిన 40 వేలు కలిపితే ఆదాయం 6 లక్షల 5 వేలు, ఇవ్వాల్సిన 24 వేలు కలిపితే ఖర్చు 6 లక్షల 34 వేలు, అసలు లోటు 29 వేలు. ఆ స్పాన్సర్ ఇవ్వకపోతే 69 వేలు. మిగులు 35 వేలు అన్నమాట ఎక్కడా లేదు. ఈ నాలుగు వాక్యాలు రిపోర్టు మొదటి పేజీలో ఉండాలి, ఫొటోల తర్వాత కాదు.

ఇలా అయిపోయిన పని మీద కూర్చుని ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఇకమీద ఏం చెయ్యాలి అని అడిగే పద్ధతిని 1970ల్లో అమెరికా ఆర్మీ ట్రైనింగ్ కోసం పెట్టుకుంది, 1993లో దాని మీద గైడ్ కూడా వేసింది. ఆ పద్ధతిలో ఒక ముఖ్యమైన సంగతి, ఎవరిది తప్పు అని మొదలుపెడితే ఎవరూ నిజం చెప్పరు. ఫెస్ట్‌లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అందరూ ఫ్రెండ్సే, అందరూ ఫైనల్ ఇయర్‌లో వెళ్ళిపోతారు. 230 ప్లేట్లు వృథా అయ్యాయి అన్నది ఫుడ్ కన్వీనర్ పేరుతో రాస్తే అతను కూపన్ల లెక్కే ఇవ్వడు. వారంలోపు కూర్చోవాలి, అప్పటికి కూపన్ కట్టలు ఇంకా అట్టపెట్టెలో ఉంటాయి, ఎవరు ఏ ఫోన్‌తో స్కాన్ చేశారో గుర్తుంటుంది. నెల దాటితే ఇవేవీ దొరకవు.

నెక్స్ట్ ఇయర్‌కి సూచనలు అన్నచోట "కోఆర్డినేషన్ మెరుగుపరచాలి", "ముందుగా ప్లాన్ చెయ్యాలి" లాంటివి రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, ఎందుకంటే అది జరిగిందో లేదో చెక్ చేసే దారి లేదు. ఒక్కో సూచన పైన దొరికిన ఒక కారణానికి కట్టి ఉండాలి, ఎవరు, ఎప్పటికి అన్నది ఉండాలి. ఈ ఫెస్ట్‌కి అలాంటివి నాలుగే వస్తాయి. వర్క్‌షాపుల్లో సగం రెండో రోజుకి మార్చాలి, ఓడిన వాళ్ళకి ఓపెన్ ఈవెంట్లు పెట్టాలి, ఇది షెడ్యూల్ టీమ్ పని, రిజిస్ట్రేషన్ తెరవకముందే అవ్వాలి. కేటరర్‌తో రెండు రోజులకి రెండు గ్యారంటీ నంబర్లు రాయించుకోవాలి, రెండోది మొదటి రోజు మధ్యాహ్నం చెకిన్ చూసి కొంత తగ్గించుకునే వీలుతో, అంత లేటుగా ఒప్పుకోకపోతే కనీసం తక్కువ నంబరుతో మొదలుపెట్టి పెంచుకునే వీలుతో. వలంటీర్లు మొదటి రోజు నుంచే లెక్కలో ఉండాలి. ఈవెంట్ లిస్టు ఫ్రీజ్ అయిన తేదీ తర్వాతే స్టేజ్ కొటేషన్, ఆ తర్వాత చేరే ఈవెంట్ ఉన్న హాళ్ళలోనే సర్దుకోవాలి. కిట్ మీద సంవత్సరం ప్రింట్ చెయ్యకపోవడం, స్పాన్సర్ షీట్‌లో మాట ఇచ్చింది, చేతికొచ్చింది, వస్తువు అని మూడు కాలమ్స్ పెట్టడం చిన్న పనులు, వాటికి మీటింగ్ కూడా అక్కర్లేదు.

బడ్జెట్ అంచనాకి కూడా ఇప్పుడు ఒక పట్టు దొరికింది. కట్టిన వంద మందిలో సుమారు 82 మంది వచ్చారు, వచ్చిన ఒక్కొక్కరు సగటున ఒకటిన్నర రోజు కంటే కాస్త ఎక్కువ, 1.54 రోజులు ఉన్నారు. నెక్స్ట్ ఇయర్ వెయ్యి మంది కడతారు అనుకుంటే 816 మంది వస్తారు, దాదాపు 1255 మనిషి-రోజులు, దాని మీద వలంటీర్లు. 2000 ప్లేట్లు రాసుకోవడం కంటే ఇది చాలా నయం. కానీ ఇది ఒకే ఒక్క సంవత్సరం లెక్క, ఎగ్జామ్స్ దగ్గర పడినా, వేరే కాలేజీ ఫెస్ట్ అదే వారం ఉన్నా 82 కాస్తా 70 అవ్వొచ్చు. పైగా షెడ్యూల్ సూచన నిజంగా అమలైతే రెండో రోజు జనం పెరుగుతారు, ఆ ఒకటిన్నర అన్న సగటు పాతదైపోతుంది. అందుకని మొదటి రోజుకి పాత సగటు మీద నంబరు ఇచ్చి, రెండో రోజు నంబరు మాత్రం రెండో రోజు ఈవెంట్‌లలో పేరున్న వాళ్ళని లెక్కపెట్టి ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ ఫారంలో ఏ రోజు ఏ ఈవెంట్ అన్న కాలమ్ ఉంటేనే అది కుదురుతుంది. ఈసారి ఫారంలో ఆ కాలమ్ లేదు, కాబట్టి కొత్త టీమ్ ఫారం తయారు చేసేటప్పుడు మొట్టమొదట చేర్చాల్సింది అదే.